కర్త ఎవరు? జనసమ్మర్ద మరణాల వార్తా రచన: ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

2015 జులై 14న గోదావరి పుష్కరాలు మొదలైన ఉదయం రాజమండ్రిలోని పుష్కర ఘాట్ వద్ద జనం ఒత్తిడిలో చిక్కి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి వార్తల్లో మృతుల సంఖ్య ప్రధానంగా 27గా నమోదైంది. వారిలో ఎక్కువమంది స్త్రీలు. తెలుగు పత్రికలకు ఇటువంటి వార్త రాయవలసి రావడం అది మొదటిసారి కాదు, చివరిసారీ కాలేదు. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసం వేచి ఉన్నవారిలో ఆరుగురు మరణించారు. అదే ఏడాది నవంబరులో శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని ఒక ఆలయంలోనూ ఇటువంటి దుర్ఘటనే సంభవించింది.

ఇటువంటి వార్తను రాసే విలేకరి ముందు మూడు పనులుంటాయి: జరిగినదానికి పేరు పెట్టడం, పోయిన ప్రాణాలను లెక్కించడం, ఎందుకు జరిగిందని అడగడం. ఈ మూడూ వృత్తి నైపుణ్యానికి సంబంధించిన విషయాలుగా కనిపిస్తాయి. వీటిలో ప్రతి ఒక్కటీ నైతిక నిర్ణయం కూడా అని, ఎంచుకున్న పదం, ప్రకటించిన సంఖ్య, అడిగిన ప్రశ్న కలిసి ఆ మరణాలకు బాధ్యులెవరో ముందుగానే సూచిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రాజమండ్రి ఘటన ఇక్కడ ప్రధాన ఉదాహరణ. సంఖ్యల విషయంలో మాత్రం మినా, ప్రయాగ్‌రాజ్ ఘటనలను పోలిక కోసం స్వీకరించడం జరిగింది.

1. పదంలో దాగిన తీర్పు

తెలుగు పత్రికా భాషలో ఇటువంటి ఘటనకు స్థిరపడిన మాట ‘తొక్కిసలాట’. కొట్లాట, పోట్లాట, తోపులాట, పెనుగులాట వంటి మాటల వరుసలోనే ఇదీ నిలుస్తుంది. ‘ఆట’తో ముగిసే ఈ పదాలన్నీ పాల్గొన్నవారు పరస్పరం చేసుకునే చర్యను తెలుపుతాయి. కొట్లాటలో కొట్టేవారూ దెబ్బలు తినేవారూ ఆ గుంపులోనివారే. ఆ పోలికతోనే ‘తొక్కిసలాటలో 27 మంది మృతి’ అన్న శీర్షిక చదివినవారికి, భక్తులు ఒకరినొకరు తొక్కుకుని చనిపోయారన్న దృశ్యం కళ్లముందు నిలుస్తుంది. ఆ దృశ్యంలో హంతకులూ హతులూ ఒక్కరే. మూడో పక్షానికి అక్కడ చోటు లేదు.

జనసమూహాల ప్రవర్తనను అధ్యయనం చేసినవారు చెప్పేది మరోలా ఉంది. అమెరికన్ ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ ఈ విషయంపై 1993లో రాసిన ప్రసిద్ధ పత్రం ప్రకారం, చదరపు మీటరుకు సుమారు ఏడుగురు చేరేసరికి జనం విడివిడి మనుషులుగా ఉండక ద్రవం వలె కదలడం మొదలవుతుంది. వెనుక పుట్టిన చిన్న తోపు అలగా మారి ముందుకు ప్రయాణిస్తుంది. ఆ అలలో చిక్కినవారు తమ కాళ్లమీద తాము నిలవలేరు, పక్కకు తప్పుకోలేరు. ఇటువంటి ఘటనల్లో మరణాలకు ప్రధాన కారణం కాలికింద నలగడం కాదు, ఛాతీ మీద ఒత్తిడి పెరిగి ఊపిరి ఆడకపోవడం. కొందరు నిలబడిన చోటనే, కిందపడకుండానే ప్రాణం కోల్పోతారు. వెనుక ఉన్నవారికి ముందు ఏం జరుగుతున్నదో కనిపించదు, వినిపించదు. తాము ఒకరి ప్రాణం తీస్తున్నామని తెలియకుండానే వారు ఒక అడుగు ముందుకు వేస్తారు. ఆ అడుగులో దురుద్దేశం లేదు, చాలాసార్లు భయాందోళన కూడా లేదు.

కాబట్టి ‘తొక్కిసలాట’ అన్న మాట జరిగినదాని భౌతిక స్వరూపాన్ని సరిగా చూపదు. అంతకంటే ముఖ్యంగా, నియంత్రణ కోల్పోయినవారికి కర్తృత్వాన్ని అంటగడుతుంది. ఇందుకు బదులుగా వాడదగిన మాట తెలుగులో ఇప్పటికే ఉంది. ‘జనసమ్మర్దం’ అన్న మాటను నేడు కేవలం రద్దీ అన్న అర్థంలో వాడుతున్నారు. అయితే ‘సమ్మర్దం’ అన్న సంస్కృత పదంలో నలగడం, ఒరిపిడి, ఒత్తిడి అన్న అర్థాలు ఉన్నాయి. ‘జనసమ్మర్దంలో ఊపిరాడక మరణించారు’ అన్న వాక్యం ఒత్తిడిని చెబుతుంది, ఎవరినీ ముద్దాయిగా నిలబెట్టదు. శీర్షికలో పాఠకుడికి అలవాటైన మాటనే ఉంచవలసి వచ్చినా, కథనంలో మరణాలు ఎలా సంభవించాయో విడిగా చెప్పవచ్చు. శవపరీక్ష పూర్తికాకముందు ‘ఊపిరాడక’ అన్నదీ విలేకరి స్వయంగా నిర్ధారించదగిన విషయం కాదు. దానిని వైద్యుల మాటగా, ప్రాథమిక అభిప్రాయంగా చెప్పడమే సమంజసం.

నామవాచకం కంటే క్రియాపదాలు మరింత సూక్ష్మంగా పనిచేస్తాయి. ఇటువంటి కథనాల్లో తరచు కనిపించే వాక్యాలను రెండు వరుసలుగా అమర్చి చూడవచ్చు. ‘భక్తులు ఒక్కసారిగా ఎగబడ్డారు’, ‘తోసుకుంటూ దూసుకువచ్చారు’, ‘బారికేడ్లను నెట్టేశారు’ అన్నవి మొదటి వరుస. ‘ద్వారాలు తెరుచుకున్నాయి’, ‘రద్దీ పెరిగింది’, ‘ఏర్పాట్లు కొరవడ్డాయి’, ‘అపశ్రుతి చోటుచేసుకుంది’ అన్నవి రెండో వరుస. మొదటి వరుసలో కర్త స్పష్టంగా భక్తులు. రెండో వరుసలోని క్రియలన్నీ అకర్మకాలు. ద్వారం దానంతటదే తెరుచుకున్నట్లు, ఏర్పాట్లు వాటంతటవే లోపించినట్లు వాక్యం నడుస్తుంది. తెలుగు వ్యాకరణం ‘తెరుచు’, ‘తెరుచుకొను’ అన్న రెంటినీ ఇచ్చింది. ‘ద్వారాన్ని తెరిచారు’ అని రాసిన మరుక్షణం ‘ఎవరు?’ అన్న ప్రశ్న పుడుతుంది. ‘ద్వారం తెరుచుకుంది’ అని రాస్తే ఆ ప్రశ్న పుట్టదు. బాధితులను స్పష్టమైన కర్తలుగా నిలిపి, అధికారుల పనులను అకర్మక క్రియల వెనుక ఉంచిన కథనం ఒక్క ఆరోపణ చేయకుండానే తీర్పు చెప్పేసినట్లవుతుంది.

దీనికి విరుగుడు కర్తలను తారుమారు చేయడం కాదు. ద్వారం ఎవరు తెరిచారో తెలియనప్పుడు ‘పోలీసులు తెరిచారు’ అని రాయడం కూడా తప్పే. ‘ద్వారాన్ని ఎవరు, ఏ సమయంలో తెరిచారన్నది ఇంకా తేలలేదు’ అన్న వాక్యంలో కర్త స్థానం ఖాళీగా ఉంది, కాని ఆ ఖాళీ పాఠకుడికి కనిపిస్తుంది. సంయమనమంటే ఇదే.

అధికార భాష మరోవైపు నుంచి ఇదే పని చేస్తుంది. 2025 జనవరి 29న ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళాలో మౌని అమావాస్య వేకువకు ముందు మరణాలు సంభవించినప్పుడు, తొలి గంటల్లో అధికారుల నుంచి వెలువడిన మాట ‘తొక్కిసలాట వంటి పరిస్థితి’. ‘వంటి’ అన్న ఒక్క పదం ఘటనను ఘటన కాకుండా చేసింది. ఇక ‘మృత్యుఘోష’, ‘రక్తసిక్తమైన తీరం’ వంటి అలంకారాలు పైకి దీనికి వ్యతిరేక దిశలో ఉన్నట్లు కనిపిస్తాయి. ఫలితం మాత్రం ఒక్కటే. మృత్యువునే కర్తగా చేసిన వాక్యంలో మనుషుల బాధ్యతకు తావుండదు. అతిశయోక్తీ న్యూనోక్తీ రెండూ విచారణను మూసివేసేవే.

2. సంఖ్య: ఎవరి మాట ప్రమాణం?

మృతుల సంఖ్యను విలేకరి స్వయంగా లెక్కించలేడు. ఆ సంఖ్య అతనికి ఇతరుల మాట ద్వారా చేరుతుంది. న్యాయశాస్త్ర పరిభాషలో ఇది శబ్దప్రమాణం. అయితే ఆ శాస్త్రం ప్రతి మాటనూ ప్రమాణంగా అంగీకరించలేదు, ఆప్తుని మాటనే అంగీకరించింది. విషయాన్ని ఎరిగి ఉండడం, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పాలన్న కోరిక ఉండడం ఆప్తుని లక్షణాలు. జనసమ్మర్ద మరణాల విషయంలో ఈ రెండు లక్షణాలు తరచు వేర్వేరు చోట్ల ఉంటాయి. పూర్తి సమాచారం అధికార యంత్రాంగం వద్ద ఉంటుంది. కాని ఆ సంఖ్య పెరిగేకొద్దీ ప్రశ్నను ఎదుర్కొనేదీ ఆ యంత్రాంగమే. ఉన్నదున్నట్లు చెప్పాలన్న ఆరాటం మృతుల కుటుంబాలకు ఉంటుంది. కాని వారికి తెలిసేది తమ ఇంటి మనిషి సంగతే.

ఈ చిక్కు ఎంతవరకు వెళ్లగలదో 2015 సెప్టెంబరు 24 నాటి మినా ఘటన చూపుతుంది. హజ్ యాత్రలో జరిగిన ఆ ఘటనలో 769 మంది మరణించినట్లు సౌదీ ప్రభుత్వం రెండు రోజుల తరువాత ప్రకటించింది. తరువాత ఆ అంకెను సవరించలేదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ మరొక దారిలో వెళ్లింది. యాత్రికులను పంపిన దేశాలు తమ పౌరుల్లో ఎందరు మరణించారో విడివిడిగా ప్రకటిస్తున్నాయి. ముప్పైకి పైగా దేశాల అధికారుల ప్రకటనలను, ప్రభుత్వ మాధ్యమాల వార్తలను ఆ సంస్థ ఒక్కొక్కటిగా కూడింది. ఆ మొత్తం కనీసం 2,411కు చేరింది. ఇందులో ఊహ గాని, ప్రత్యక్షసాక్షుల అంచనా గాని లేదు. కూడికలోని ప్రతి అంకె వెనుకా ఒక ప్రభుత్వం పేరుంది. అధికార సంఖ్యను సందేహించడానికి ఆధారాలు కూడా అధికారికమైనవే.

ప్రయాగ్‌రాజ్‌లో పోలీసు అధికారులు ఆనాటి సాయంత్రం ప్రకటించిన సంఖ్య 30. కొన్ని నెలల తరువాత బీబీసీ విలేకరులు వివిధ రాష్ట్రాల్లో మృతుల ఇళ్లకు వెళ్లి, కుటుంబాలను కలిసి, కనీసం 82 మంది మరణించినట్లు ప్రచురించారు. రెండు సందర్భాల్లోనూ ‘కనీసం’ అన్న మాట గమనించదగినది. అది అనుమానాన్ని తెలిపే మాట కాదు, హద్దును తెలిపే మాట. ‘ఇంతమంది గురించి ఆధారం ఉంది, ఇంతకు మించి ఉంటే ఉండవచ్చు, తగ్గడానికి వీలులేదు’ అని దాని అర్థం. ‘వందలాది మంది’ అన్న మాటకు అటువంటి హద్దు లేదు.

సంఖ్య తప్పడానికి దురుద్దేశమే కారణం కానవసరం లేదు. క్షతగాత్రుణ్ణి ఒక ఆసుపత్రి నుంచి మరొకదానికి తరలించినప్పుడు అతడు రెండు జాబితాల్లోనూ చేరి, లెక్క పెరగవచ్చు. బంధువులు శవపరీక్ష లేకుండానే దేహాన్ని ఊరికి తీసుకుపోతే లెక్క తగ్గుతుంది. మూడో రోజున, పదో రోజున ఆసుపత్రిలో మరణించినవారు తొలిరోజు శీర్షికలోకి రారు. ఆచూకీ తెలియనివారు మృతుల జాబితాలోనూ క్షతగాత్రుల జాబితాలోనూ లేక మధ్యలో మిగిలిపోతారు. అందువల్ల సంఖ్యతోపాటు మూడు వివరాలు ఉండవలసిందే: చెప్పినవారెవరు, ఏ వేళకు, దేనిని లెక్కించారు. ‘27 మంది మృతి’ అన్నది పూర్తి వాక్యంలా కనిపిస్తుంది. ‘మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆసుపత్రిలో నమోదైన మృతులు ఇంతమంది అని ఆసుపత్రి అధికారి తెలిపారు’ అన్నది అసంపూర్ణంగా కనిపించినా మరునాడు కూడా నిజంగానే నిలుస్తుంది. శవపంచనామాల సంఖ్య, శవాగారపు నమోదు, కుటుంబాల జాబితా అన్న మూడింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు, అవి కలవని చోటనే పరిశోధించదగిన విషయం దొరుకుతుంది.

మరణించినవారు తిరిగిరానప్పుడు సంఖ్య ఇంతగా ఎందుకు ముఖ్యం అని అడగవచ్చు. లెక్కలోకి రాని మరణానికి ధ్రువపత్రం లేదు, పరిహారం లేదు, విచారణలో చోటు లేదు. ఆ కుటుంబానికి తమవాడు ఆ ఘాట్‌లో పోయాడని రుజువు చేసుకునే భారం దుఃఖంతోపాటు అదనంగా చేరుతుంది. లెక్కించడమంటే ఆ మనిషి అక్కడ ఉన్నాడని లోకం అంగీకరించడమే. మరోవైపు, ఆధారం లేకుండా పెంచిన సంఖ్య కూడా మృతులకు మేలు చేయదు. ఒక్క అంకె తప్పని తేలినప్పుడు దానితోపాటు నిజమైన ప్రశ్నలు కూడా కొట్టివేతకు గురవుతాయి.

3. విశ్వాసం కారణమా?

రాజమండ్రి ఘటనపై ప్రభుత్వం జస్టిస్ సి.వై. సోమయాజులు ఏకసభ్య కమిషన్‌ను నియమించింది. ఘటన జరిగిన ఉదయం ముఖ్యమంత్రి కుటుంబంతో అదే ఘాట్‌లో స్నానం చేశారు. ఆయన ఉన్నంతసేపు సామాన్య భక్తులను నిలిపివేసి, తరువాత ఒక్కసారిగా వదలడం వల్లనే ప్రాణనష్టం జరిగిందని ప్రతిపక్షాలు ఆరోపించాయి. 2018 సెప్టెంబరులో శాసనసభ ముందుకు వచ్చిన కమిషన్ నివేదిక ఆ ఆరోపణను అంగీకరించలేదు. నిర్ణీత ముహూర్తంలోనే స్నానం చేయాలన్న ప్రజల మూఢవిశ్వాసాన్ని, ఆ ముహూర్తానికి మాధ్యమాలు కల్పించిన విశేష ప్రచారాన్ని అది ప్రధానంగా ఎత్తిచూపింది.

ఈ నిర్ధారణను తాత్త్వికంగా పరిశీలించవలసి ఉంది. కారణం వేరు, బాధ్యత వేరు. అంతమంది ఆ వేళకే ఆ ఘాట్‌కు ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు ముహూర్త విశ్వాసం సరైన సమాధానమే. వచ్చినవారు ఎందుకు మరణించారన్న ప్రశ్నకు అది సమాధానం కాదు. నదిలో వరద రావడానికి వర్షం కారణం. గట్టు తెగడానికీ వర్షమే కారణమని ఇంజనీరు చెబితే ఎవరూ అంగీకరించరు. వర్షాన్ని ఊహించి కట్టవలసినదే గట్టు. ముహూర్త విశ్వాసం ఆకస్మికంగా పుట్టినది కాదు. పుష్కర ప్రవేశ ఘడియ పంచాంగంలో ముందే ఉంది. ముందుగా తెలిసిన విశ్వాసం ఏర్పాట్ల రూపకల్పనలో చేరవలసిన అంశమవుతుంది గాని, ఏర్పాట్ల లోపాన్ని మాపే సాకు కాదు.

అయితే నివేదిక మాధ్యమాల గురించి అన్న మాటను అంత సులభంగా తోసిపుచ్చడానికి వీలులేదు. 2015 పుష్కరాలను 144 సంవత్సరాలకు ఒకసారి వచ్చే మహాపుష్కరాలుగా విస్తృతంగా ప్రచారం చేశారు. 2025 కుంభమేళాకు కూడా ఇదే 144 సంఖ్యతో ప్రచారం జరిగింది. ఫ్రూయిన్ తన పత్రంలో జనసమ్మర్దానికి నాలుగు మూలాంశాలు చెప్పాడు: బలం, సమాచారం, స్థలం, కాలం. పన్నెండు రోజుల పుష్కరాన్ని ఒక్క ఘడియకు కుదించిన ప్రచారం, ఘాట్ వైశాల్యాన్ని తగ్గించకుండానే స్థలాన్ని ఇరుకు చేసినట్లయింది. ఆ ప్రచారంలో ప్రభుత్వ ప్రకటనలూ ఉన్నాయి, పత్రికల ప్రత్యేక పుటలూ ఉన్నాయి. కాబట్టి ఘటన తరువాత రాసే విలేకరి పూర్తిగా బయటివాడు కాడు. దుర్ఘటనకు సంబంధించిన రచన ఆనాటి ఉదయం కాక, అంతకుముందు నెలలోనే మొదలైంది. ఘటనానంతర కథనం తన సంస్థ ముందుగా ఏం ప్రచురించిందో కూడా ఆధారాల్లో ఒకటిగా చూడడం నిజాయితీకి తొలి పరీక్ష.

4. ప్రశ్న, నింద

శోకసమయంలో ప్రశ్నలు వేయడం అనుచితమన్న అభిప్రాయం ఒకటుంది. ఇందులో కొంత సత్యం ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముఖం ముందు మైకు పెట్టి ‘ఎలా అనిపిస్తోంది’ అని అడగడం అనుచితమే. కాని ఆ ప్రశ్న అనుచితమైనది అది ఆ వేళ అడిగినందువల్ల కాదు, సమాధానం చెప్పవలసిన బాధ్యత లేని మనిషిని అడిగినందువల్ల. బాధ్యత ఉన్నవారిని ఆ వేళ అడగకపోతే జరిగే నష్టం వేరు. బారికేడ్లు మరునాటికే తొలగుతాయి, చెల్లాచెదురైన చెప్పులను ఊడ్చేస్తారు, సాక్షులు ఊళ్లకు వెళ్లిపోతారు.

‘భద్రతా వైఫల్యమే కారణం’ అన్నది నింద. అది తీర్పుతో మొదలవుతుంది. ప్రశ్నకు తెలుసుకోదగిన సమాధానం ఒకటి, ఆ సమాధానం ఉన్న మనిషి ఒకరు ఉంటారు. ఈ భేదాన్ని ఒక లెక్కతో చూడవచ్చు. క్రీడా మైదానాల భద్రతపై బ్రిటన్ అనుసరించే మార్గదర్శి, మెట్ల దారిలో ఒక మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మందిని గరిష్ఠంగా లెక్కిస్తుంది. ఒక స్నానఘట్టానికి అయిదు మీటర్ల మెట్లదారి ఉందనుకుంటే నిమిషానికి 330 మంది, అరగంటకు 9,900 మంది దాటగలరు. స్నానం చేసి పైకి వచ్చేవారూ అదే దారిలో వస్తే ఈ సంఖ్య సగానికి పడిపోతుంది. తడిసిన మెట్లు, ముదుసలులు, చంకలో పిల్లలు, చేతిలో సంచులు ఉన్నప్పుడు ఇంకా తగ్గుతుంది. అరగంట ముహూర్తానికి యాభై వేలమంది వస్తారని అంచనా ఉంటే, ప్రమాదం ఆ ఉదయం పుట్టినది కాదు, కాగితం మీదే ఉంది.

ఈ లెక్క ఎవరినీ నిందించదు, కాని ప్రశ్నలను పుట్టిస్తుంది. ఆ ఘాట్ దారి వెడల్పు ఎంత? ఎంతమంది వస్తారని అంచనా వేశారు, ఆ అంచనా ఏ పత్రంలో ఉంది? లోపలికీ వెలుపలికీ దారులు వేరుగా ఉన్నాయా? జనాన్ని నిలిపివేయమన్న ఆదేశం, తిరిగి వదలమన్న ఆదేశం ఎవరివి, ఎన్ని గంటలకు? ముందున ఇరుకు ఏర్పడిందని వెనుకవారికి చెప్పే ఏర్పాటు ఉందా? మొదటి అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో చేరింది? వీటిలో ప్రతిదానికీ సమాధానంగా ఒక కొలత, ఒక వేళ, లేదా ఒక సంతకం ఉంటుంది. రాజమండ్రి విషయంలో ముఖ్యమంత్రి స్నానాన్ని గురించిన వివాదం కూడా ఈ రూపంలో అడిగినప్పుడే తేలగలిగినది. ‘ఆయన వల్లనా, భక్తుల వల్లనా’ అన్న వాదం రెండు పక్షాల నినాదంగా మిగులుతుంది. ‘ద్వారాలు ఎన్ని గంటలకు మూసి, ఎన్ని గంటలకు తెరిచారు’ అన్నది మాత్రం ఏ పక్షానికీ చెందదు.

విధి అన్న భావన గురించి కూడా ఒక మాట అవసరం. మృతుల బంధువు ‘గోదారి తల్లి పిలిచింది, వెళ్లిపోయింది’ అనుకుంటే అది ఆమెకు ఓదార్పు. దానిని ఖండించే హక్కు విలేకరికి లేదు. అదే మాటను అధికారి అన్నప్పుడు, లేదా పత్రిక తన సొంత గొంతుతో రాసినప్పుడు అది ఓదార్పుగా ఉండదు, జవాబును తప్పించుకునే మార్గమవుతుంది. ఒకే వాక్యపు నైతిక విలువ వక్త స్థానాన్ని బట్టి మారుతుంది. కనుక అటువంటి మాటను ఉల్లేఖన చిహ్నాల్లో, అన్నవారి మాటగానే ఉంచాలి.

ముగింపు

సంయమనంతో కూడిన వార్తను భావరహితమైన వార్తగా పొరబడడం పరిపాటి. పైన చూసిన ఉదాహరణల్లో సంయమనం చేసిన పని వేరు. తెలియని కర్తను ఊహతో పూరించకుండా, తెలిసిన కర్తను అకర్మక క్రియ వెనుక దాచకుండా అది వాక్యాన్ని నిలిపింది. సంఖ్యకు హద్దు చెప్పింది. నిందను కొలవదగిన ప్రశ్నగా మార్చింది. స్నానానికి వెళ్లి తిరిగిరాని మనిషి ఇక తన పక్షాన మాట్లాడలేదు. ‘భక్తులు ఎగబడ్డారు’ అన్న వాక్యానికి ఆ మనిషి నుంచి ఖండన రాదు. ఖండించలేనివారి గురించి రాసేటప్పుడు రుజువు భారం రాసేవారిదే అన్న సూత్రం, ఈ తరహా వార్తా రచనకు నైతిక పునాదిగా నిలవదగినది. తెలుగు పత్రికా భాషను అధ్యయనం చేసేవారు ఈ కథనాల్లోని క్రియాపదాలను కర్తల వారీగా వర్గీకరించి చూస్తే, ఏ మరణాలకు ఎవరిని కర్తలుగా నిలుపుతూ వచ్చామో స్పష్టంగా బయటపడుతుంది.